ఆర్డినరీ మేకు మీది చీటీ

కొండల మీది ప్రాజెక్టు కాలనీలో నేను ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరుగా చేసిన రోజుల్లో ప్రతి డ్యూటీకీ ఒక పేజీ రాసుకునేదాన్ని. ఎన్ని కాల్స్ బుక్ అయ్యాయి, ఎన్ని కలిశాయి, ఎవరిది ఎంతసేపు ఆగింది. ఎవరూ రాయమనలేదు. రేపు ఎవరైనా నన్ను వేలెత్తి చూపిస్తే చూపించడానికి ఒక కాగితం ఉండాలని రాసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మా ఎక్స్ఛేంజి పొద్దున్న ఎనిమిదికి తెరిచి, సాయంత్రం ఎనిమిదికి మూసేవారు. రెండు గంటల దాకా నేను, తర్వాత నాకన్నా పదేళ్లు పెద్దాయన ఒకాయన. కింద మైదానానికి పోయే లైను ఒక్కటే. కాల్ బుక్ చేస్తే చీటీ రాసి, దాని మీద టైము వేసి, ఒక క్లిప్పుకి పెట్టేవాళ్లం. పైన ఎనిమిది రెట్లు ఛార్జి కట్టే లైట్నింగు, దాని కింద రెట్టింపు ఛార్జి కట్టిన అర్జెంటు, అట్టడుగున ఆర్డినరీ. ఒకే రకం చీటీల్లో ముందు వచ్చింది పైన. కొత్త చీటీ వచ్చినప్పుడల్లా కట్టంతా తిరగేసి దాని చోటు వెతికి దూర్చాలి. తొందరలో అర్జెంటు మీద అర్జెంటు పెట్టేస్తే, వెనక వచ్చినవాడికి ముందు లైను దొరికేది. అలా జరిగిన ప్రతిసారీ నేను ఆయన్ని, ఆయన నన్ను అనుమానించేవాళ్లం.

ఒక వానాకాలం సోమవారం సాయంత్రం ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడింది. బస్సులు ఆగిపోయాయి. లారీలు ఇరుక్కున్న వ్యాపారులూ, కాంట్రాక్టర్లూ, ఇంజనీర్లూ అందరూ మా కిటికీ దగ్గరికే వచ్చారు.

మంగళవారం తొమ్మిదీ ఇరవైకి ఒక కొండ ఊరి మనిషి వచ్చాడు. కాలనీ తోటలో కూలి పని చేసేవాడు. విశాఖపట్నం ఆసుపత్రిలో భార్య ప్రసవించింది. శుక్రవారం పన్నెండు గంటలకి పంపించేస్తామని కబురు. ఆవిడకి తెలుగు సరిగా రాదు, పట్నం ఎరగదు. రోడ్డు తెరుచుకునేదాకా తల్లినీ బిడ్డనీ అక్కడే ఉంచమని వార్డుకి చెప్పాలి. లేకపోతే పసిగుడ్డుతో గేటు బయట నిలబడుతుంది. చేతిలో ఆర్డినరీ కాల్‌కి సరిపడా డబ్బు మాత్రమే ఉంది.

మంగళవారం కలవలేదు. బుధవారం పొద్దున్న నేను వచ్చేసరికి క్లిప్పులో అతని చీటీ లేదు. మూసేవేళకి మిగిలిన చీటీలు రద్దు చేసి, మర్నాడు మళ్లీ రాయించుకోవడం మా పద్ధతి. మళ్లీ రాశాను. ఆ రోజూ కలవలేదు.

"ఏటమ్మా, నా కాగితం ఏటి సేత్తన్నారు? నా ఎనకొచ్చినోళ్లు మాటాడి ఎల్లిపోతన్నారు. నన్ను కిందకి తోసేత్తన్నారు కదా?"

"వాళ్లది అర్జెంటు బాబూ."

"నాది అర్జెంటు కాదేటి?"

నా అనుమానం మాత్రం రెండో ఆపరేటరు మీద. కిరాణా వ్యాపారి ఇచ్చిన తేనె సీసా ఆయన బల్ల మీద మంగళవారం నుంచీ ఉంది. బుధవారం డ్యూటీ దిగేముందు, వరస మారిస్తే తెలియాలని చీటీల మూలన పెన్సిలుతో నెంబర్లు వేసి వెళ్లాను. గురువారం పొద్దున్న ఇన్‌ఛార్జిగారిని ఒప్పించి గోడకి మూడు మేకులు కొట్టించాను. లైట్నింగుకి ఒకటి, అర్జెంటుకి ఒకటి, ఆర్డినరీకి ఒకటి. వచ్చిన చీటీ తన మేకుకి బయటి చివర గుచ్చాలి, గోడ వైపున్న మొదటిది లాగి తియ్యాలి. వెతకడం లేదు, మధ్యలో దూర్చడం లేదు.

రెండింటికి వచ్చిన పెద్దాయన మేకుల వంక చూశాడు.

"ఏటమ్మాయ్, నా దొంగతనం పట్టుకోడానికేనా? పట్టుకో. మీద నా బొమ్మ కూడా తగిలించు."

"దొంగతనం అని నేనన్నానా?"

"అనక్కర్లేదు. పెన్సిలు నెంబర్లు నాకూ కనబడతాయి."

నేను ఇంటికి వెళ్లకుండా అక్కడే ఒక మూల కూర్చుని ఐదింటిదాకా రాసుకున్నాను. ఆయన ఒక్క చీటీ కూడా వరస తప్పి తియ్యలేదు. లైట్నింగు మేకు ఖాళీగా ఉంటే అర్జెంటు మేకు. అది ఖాళీ అయితేనే ఆర్డినరీ. ఆర్డినరీ మేకు మీద ఒక్క చీటీ కూడా కదల్లేదు.

అప్పుడు లెక్క కట్టాను. కాల్ కలపడానికీ మాట్లాడడానికీ కలిపి సుమారు ఆరు నిమిషాలు. గంటకి పది. ఆ మూడు గంటల్లోనూ అర్జెంటు బుకింగులు గంటకి పదకొండుకి తగ్గలేదు. ఆ మేకు ఎప్పటికీ ఖాళీ కాదు. కట్టగా పెట్టినా, మూడు మేకులకి గుచ్చినా తీసే వరస ఒకటే. మేకులు కొట్టి నేను సాధించింది, ఎంతమంది ఆగిపోయారో గోడ మీద కనబడేలా చెయ్యడం.

ఇంకో సంగతి నోటుబుక్కులో చూశాను. ఆ కొండ ఊరి మనిషి చీటీలకి బుధవారం ఎనిమిదీ పది అనీ, గురువారం ఎనిమిదీ ఐదు అనీ ఉన్నాయి. రెండూ నా చేతిరాతే. మంగళవారం తొమ్మిదీ ఇరవై నుంచి ఆగుతున్నవాణ్ణి రోజూ అప్పుడే వచ్చినవాడిలా మార్చింది నేను.

శుక్రవారం ఎనిమిదింటికే ఇన్‌ఛార్జిగారి ముందు కాగితం పెట్టాను. నాలుగు అర్జెంట్లకి ఒక ఆర్డినరీ. లైట్నింగు వస్తే దానిదే ముందు. రద్దయిన చీటీలకి మొదట బుక్ చేసిన టైమే లెక్క. అలా చేస్తే గంటకి రెండు ఆర్డినరీలు, రోజుకి ఇరవై నాలుగు. మనకి రోజుకి వచ్చేవి పదిహేనుకి మించడం లేదు.

"ఎవరికోసం ఇదంతా? నీకు తెలిసినవాళ్లా?"

"ఎవరూ కారండి."

"ఎవరూ కానివాళ్లకోసం ఎవరమ్మా ఇంత లెక్క కట్టేది? సంతకం పెట్టు. గొడవొస్తే నీదే."

పెట్టాను.

ఆర్డినరీల్లో మంగళవారం పొద్దున్న ఎనిమిదికే బుక్ చేసి ఇంకా ఆగుతున్నవాళ్లు ఇద్దరున్నారు. వాళ్ల తర్వాత అతను. మొదటి ఆర్డినరీ తొమ్మిదికి వెళ్లింది, రెండోది తొమ్మిదిన్నరకి. తర్వాత ప్రాజెక్టు నుంచి ఒక లైట్నింగు వచ్చింది. ఆ వెనకే లైను పోయింది. అరగంట ఏమీ వినబడలేదు. అతను కిటికీ ఊచ పట్టుకుని నా చేతుల్నే చూస్తున్నాడు, చీటీ ఎక్కడ మాయం చేస్తానోనని. కిరాణా వ్యాపారీ నా చేతుల్నే చూస్తున్నాడు.

లైను వచ్చి, మిగిలిన అర్జెంట్లు అయ్యాక, పది యాభైకి అతని చీటీ తీశాను.

"అమ్మా, నేను డబుల్ కట్టాను! వీడు ముందేటి?"

"మీకు ముందు నాలుగు అర్జెంట్లు వెళ్లాయండి. తర్వాత ఇదే. మీది దీని వెనక."

"ఏం ముట్టిందో మీకు!"

పదకొండు దాటాక ఆసుపత్రి పలికింది. వార్డు సిస్టరుకి అతని మాట అర్థం కాక, నేనే మధ్యలో చెప్పాను. రోడ్డు లేదు, తల్లిని పంపవద్దు. "మూట కట్టుకుని కూర్చుందండీ," అంది సిస్టరు. "బెడ్డు లేదు. వరండాలో చాప వేసి ఉంచుతాం." భార్యని ఫోను దగ్గరికి తెచ్చారు. అతను తన భాషలో గట్టిగా అరిచి రెండే మాటలు చెప్పాడు. ఆ తర్వాత కాల్‌కి ఇచ్చే మూడు నిమిషాలు అయ్యేదాకా వింటూ ఉండిపోయాడు.

బయటికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మంగళారం ఎందుకు కాలేదు, ఇయ్యాల ఎందుకయింది?"

నాలుగు అర్జెంట్లకి ఒక ఆర్డినరీ అని చెప్పాను. నోటుబుక్కు తిప్పి, వెళ్లిన ప్రతి కాల్‌కీ గీసుకున్న గీతలు చూపించాను. అతను గీతల వంక చూడలేదు, నా మొహం వంక చూశాడు.

"అది కాదమ్మా. నా తరపున ఎవురు సెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు."

"సెప్పవులే," అని, తలకి గోనె కప్పుకుని వానలోకి దిగాడు.

నేను తర్వాతి అర్జెంటు తీశాను. అది కిరాణా వ్యాపారిదే.