రెక్క తగిలినా చావని విమానం

మా అత్తయ్య, అంటే నాన్నకి అక్క, రెండు రోజులుండి పోదామని తెనాలి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చింది. పని ఒక్కటే: ఫ్లాట్ అమ్మించి, మమ్మల్ని మూటగట్టి తెనాలి తీసుకుపోవడం. టీవీలో తెలంగాణ ఉద్యమం గొడవల్లో హైదరాబాద్‌ని చూసి చూసి ఆవిడకి నిద్ర పట్టడం లేదట. వచ్చిన మర్నాడే సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చిన మనిషి మా హాల్లో దివాన్ మీద ఇరుక్కుపోయింది.

నాన్నకి అక్క మాటంటే మాటే. ఆఫీసులో అందరి మీదా అరిచే మనిషి ఆవిడ ముందు ఒకటో తరగతి పిల్లాడు. నాకేమో తెనాలి వెళ్లడం చచ్చినా ఇష్టం లేదు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అప్పటికి మల్టీమీడియా కోర్సు అయిపోవస్తోంది. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర సెల్‌ఫోన్ దుకాణం పైన గేములు చేసే చిన్న కంపెనీ ఒకటుండేది. అక్కడ ఉద్యోగం కోసం నేనూ, నా క్లాస్‌మేటూ కలిసి ఒక గేమ్ తయారు చేస్తున్నాం. నేను గోల చేస్తే అత్తయ్య తీర్పు చెప్పేసింది.

"సరే. నీకు ఉద్యోగం వస్తే ఉండండి. రాకపోతే నోరుమూసుకుని బయల్దేరండి."

నాన్న బుద్ధిగా తలూపాడు.

క్లాస్‌మేట్‌ది చిట్యాల దగ్గర పల్లె. పగలంతా ర్యాలీల్లో జై తెలంగాణ అని అరిచి, గొంతు పూర్తిగా పోయాక, సాయంత్రం మా ఇంటికొచ్చి అత్తయ్య చేసిన గోంగూర పప్పు తినేవాడు. ఆవిడ వడ్డిస్తూనే రాష్ట్రం ఎందుకు విడిపోకూడదో చెప్పేది. ఇతను తింటూనే ఎందుకు విడిపోవాలో చెప్పేవాడు. గొంతు లేదు కాబట్టి వాదనలో రోజూ ఆవిడే గెలిచేది.

మా గేమ్‌లో పైన ఒక రాక్షసుడు. వాడే బాస్. కింద మన చిన్న విమానం. వాడు తెర నిండా బుల్లెట్లు కక్కుతాడు. మనం ఎదురు కాల్చేది ఏమీ లేదు, టైమయ్యేదాకా బతికుంటే గెలిచినట్టే. బాస్ ఒక బుల్లెట్ వదిలి పదిహేను డిగ్రీలు తిరుగుతాడు, ఇంకోటి వదులుతాడు, మళ్లీ తిరుగుతాడు. చూడ్డానికి తెర మీద జిలేబీ చుట్టినట్టుండేది. ఆ అందం చూసి నేను గర్వంతో ఉబ్బిపోయాను.

ఒక సాయంత్రం కరెంటు ఉండగా అత్తయ్యని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఆవిడ విమానాన్ని ఓ మూలకి జరిపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడకేసి చూస్తూ మా వంటింట్లో బొద్దింకల సంగతి మొదలుపెట్టింది. బొద్దింకలు ముగిసేసరికి తెర మీద "గెలిచారు" అని పడింది.

"ఇంతేనా? దీనికి జీతం కూడా ఇస్తారా?" అంది.

క్లాస్‌మేట్ కడుపు పట్టుకుని నవ్వాడు.

"పదిహేను పెట్టినవ్ గదా! ఒక్క చుట్టు తిరిగినంక మళ్ల గదే దారిల ఒస్తున్నయ్ బుల్లెట్లు. దారికి దారికి నడుమ జాగ అట్లనే ఖాళీగుంటది. అత్తమ్మ గా జాగల కూసున్నది."

నిజమే. లెక్క గుండ్రంగా ఉంటుందని నేను పదిహేను పెట్టాను. అది మూడువందల అరవైలో నిక్షేపంగా భాగం పోతుంది. అందుకే చుట్టు సుడిలా కనిపించినా బుల్లెట్లు సైకిల్ చక్రం పుల్లల్లా అవే దారుల్లో నడుస్తున్నాయి. పదమూడు పాయింట్ ఏడు పెట్టాను. ఇప్పుడు ప్రతి చుట్టూ కాస్త పక్కకి జరుగుతుంది, ఏ ఖాళీ కూడా ఉన్నచోట ఉండదు. అత్తయ్య మీద కోపం కూడా తీరాలి కాబట్టి ఇంకో పని చేశాను. బాస్ మధ్యమధ్యలో విమానం ఎక్కడుందో చూసి, అటే గురిపెట్టి మూడేసి బుల్లెట్లు విసనకర్రలా వదులుతాడు. నడిమిది సరిగ్గా మీదికి, మిగతావి చెరో పక్కకి.

మర్నాడు అత్తయ్య మళ్లీ మూల చూసుకుని కూర్చుంది. బొద్దింకల్లో మొదటి దాని దగ్గరే చచ్చిపోయింది.

"ఇదేంటే! నా మీదికే వస్తున్నాయి? వాడికి నేనేం చేశానూ?"

"అత్తమ్మా, వాడు ఇడిసినప్పుడు నువ్వేడున్నవో ఆడికే ఒస్తది," అన్నాడు అతను. "నడుమల ఎటూ తిరగదు. జర పక్కకు జరుగు, పోతది."

ఆవిడకి జరగడమంటే ఈ గోడ నుంచి ఆ గోడకి. గురిపెట్టిన దాన్ని తప్పించుకుని పరిగెత్తి, సుడిలో పడి చచ్చేది. కొంచెమే జరిగి రెండు బుల్లెట్ల సందులోంచి పోదామన్నా విమానం పట్టేది కాదు, ఏదో ఒక రెక్క తగిలి పేలిపోయేది. ఆవిడ కీబోర్డుని తిట్టింది, నన్ను తిట్టింది, చివరికి కేంద్ర ప్రభుత్వాన్ని కూడా తిట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"రెక్కకు తాకితే సచ్చుడేంది?" అన్నాడు క్లాస్‌మేట్. "ఇమానం మధ్యల చుక్కంత జాగ పెట్టు. గా చుక్కకు తాకితేనే సావాలె."

"తగిలింది కళ్ల ముందు కనిపిస్తుంటే చావకపోవడమేంటి? మోసం కదా?"

"ఆడెటోనికి సావు ఎంట్రుకవాసిల తప్పినట్టుండాలె. గంతే. నీ నిజాయితీ ఎవనికి గావాలె?"

రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. తర్వాత అతను చెప్పిందే చేశాను. విమానం బొమ్మ అంతే పెద్దది, ప్రాణం మాత్రం దాని నడుమ ఆవగింజంత. ఆ సంగతి అత్తయ్యకి చెప్పలేదు. బుల్లెట్లు రెక్కల మీదుగా దూసుకుపోతుంటే ఆవిడ అదంతా తన ప్రతాపమే అనుకుంది. చివరిదాకా బతికిన రోజున పక్క ఫ్లాటు వాళ్లని పిలిచి మరీ చెప్పుకుంది.

సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి. అత్తయ్య ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కే రోజే కంపెనీ వాళ్లు మమ్మల్ని రమ్మన్నారు. ఆవిణ్ణి సంచులతో సహా వెంటబెట్టుకుని మెట్లెక్కాం. కంపెనీ ఆయన కాసేపు ఆడాడు. ఆయన కూడా ముందు మూల చూసుకున్నాడు, గురిపెట్టిన బుల్లెట్లు బయటికి తరిమాయి. బాగానే ఉందన్నాడు కానీ మొహంలో ఏమీ తెలియలేదు.

"నేను రోజూ ఆడేవాణ్ణి. నా మాట లెక్కలోకి రాదు. మామూలు మనుషులు దీన్ని ఆడగలరా?" అంటూ చూశాడు. గదిలో ఉన్న మామూలు మనిషి మా అత్తయ్యే. "అమ్మా, మీరు ఆడతారా?"

ఆవిడ సంచి కింద పెట్టి కూర్చుంది. ఆ చేతుల్లో నా ఉద్యోగం ఉంది, మా ఇల్లుంది. విమానం అదోలా నడిచింది. కావాలని చేసినట్టు సుడి అంచుకి వెళ్లి రెక్కల్ని బుల్లెట్లకి రాసుకుంటూ పోయింది. బాస్ గురి పెట్టాడు, మూడు బుల్లెట్లు వచ్చాయి. విమానం కదల్లేదు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది ఇంకా అక్కడే ఉంది, బియ్యపు గింజంత పక్కకి జరిగి. కాసేపటికి "గెలిచారు" అని పడింది. కంపెనీ ఆయన పకపకా నవ్వి, ఇద్దర్నీ సోమవారం నుంచి రమ్మన్నాడు.

బస్టాపులో క్లాస్‌మేట్ నీళ్ల సీసా కోసం వెళ్లాడు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఓడిపోదామనే కూర్చున్నానే," అంది. "నువ్వూ, మీ నాన్నా నా పక్కింట్లోనే ఉంటారని ఎంత ఆశపడ్డానో. రెక్క తగిలించాను, మళ్లీ మళ్లీ తగిలించాను. మాయదారి విమానం చావదే! సరే, కదలకుండా కూర్చుంటే వాడే కొడతాడనుకున్నా. తీరా అది మీదికొచ్చేసరికి వేలు ఊరుకోలేదు."

నాకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. చుక్క సంగతి అప్పుడైనా చెబుదామనుకున్నాను. ఇంతలో విజయవాడ బస్సు వచ్చింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఒక్కతే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది.