కోటు లోపలి అంగుళం

పత్తికొండ బజారులో మహానంది అంగడి అంటే ఒక గది, ఒక కుట్టుమిషను, ఒక బల్ల. గడప దగ్గర వెలుతురు పడే చోట ఒక పలక ఉండేది. ఆ పలక మీద మూడేళ్లుగా ఎవరూ కూర్చోలేదు. అది అతని భార్య ఉరుకుందమ్మ కూర్చునే చోటు. ఆమె పోయిన తరువాత మహానంది దాని మీద పాత అట్టముక్కలు, కాగితపు కొలతలు పెట్టాడు. ఖాళీగా కనబడకుండా ఉంటుందని.

పందొమ్మిది వందల యాభై ఏడు ఎండాకాలం నాటికి అతనికి యాభై ఆరేళ్లు. గుడ్డ కత్తిరించడంలో అతని పేరు ఆలూరు దాకా తెలుసు. మనిషిని ఒకసారి చూస్తే చాలు, ఏ భుజం దిగి ఉందో, నడుము ఏ వైపు వంగిందో సుద్దతో గీసేవాడు. కూలి మనుషుల చొక్కాలకు పక్క కుట్టు వేసేటప్పుడు ఒక అంచును సగానికి కత్తిరించి, రెండో అంచును దాని మీదికి మడిచి, పైనుంచి మళ్లీ మిషను నడిపేవాడు. రెండు వరుసల మడతకుట్టు. బస్తాలు మోసినా, బావులు తవ్వినా ఆ చొక్కా పక్కన విడేది కాదు. గుడ్డ చినగాలే తప్ప కుట్టు ఊడకూడదని అతని పంతం.

కోట్ల సంగతి వేరు. ఎండాకాలం వేసుకునే డ్రిల్లు కోటుకు లోపల అస్తరు ఉండదు. లోపలి అంచులన్నీ బయటికి కనబడతాయి. ప్రతి అంచుకూ పలుచటి గుడ్డను ఐమూలగా కత్తిరించి, సన్నటి పట్టీ చేసి, ఒక వైపు మిషను మీద కుట్టి, అంచు చుట్టూ తిప్పి రెండో వైపు చేత్తో పట్టుకుట్టు వేయాలి. ఐమూల గుడ్డ అయితేనే చంక వంపులో ముడత పడకుండా సాగుతుంది. పట్టీ కత్తిరించేది మహానంది. కుట్టేది ఉరుకుందమ్మ. అలాగే ఆడవాళ్ల పలుచటి పైటల అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుట్టి, వెంట్రుకంత దారంతో పట్టేది కూడా ఆమే. ఆ చుట్టు అంచు చీమ తల కన్నా లావుండేది కాదు.

ఎవరైనా కోటు తిరగేసి చూసి, "లోపల కూడా ఎంత బాగుండాదప్పా!" అంటే మహానంది నవ్వేవాడు. ఎవరి పని అని ఎవరూ అడగలేదు. అతను చెప్పలేదు. గడప దగ్గర ఉరుకుందమ్మ తల ఎత్తేది కాదు.

ఆమె పోయాక లోపలి పని నిలిచిపోయింది. మహానంది ఒకటి రెండు కోట్లకు పట్టీ వేసి చూశాడు. మిషను మీద ఒకేసారి రెండు వైపులా పట్టబోతే కింది వైపు తప్పిపోయేది. విసుగొచ్చి అంచులు విడిగానే వదిలేశాడు. రెండు ఉతుకులకు దారాలు బయటికొచ్చాయి. కోట్లు కుట్టించుకునేవాళ్లు ఒక్కొక్కరే ఆదోని దారి పట్టారు. అక్కడ ఒక సేటు ఓవర్‌లాక్ మిషను తెప్పించాడు. అది అంచును తనే కోసుకుంటూ, తనే దారాలు అల్లుకుంటూ పోతుంది. గంట పని నిమిషంలో అవుతుంది. ఆ సేటు నుంచి మహానందికి కబురు కూడా వచ్చింది. మా అంగడిలో కూర్చుని కత్తిరించు, చాలు అని. సోమవారం పొద్దున బస్సెక్కి వస్తానని మహానంది మాట పంపాడు. అంగడి తాళం ఇంటి యజమానికి ఇవ్వడమొకటే మిగిలింది.

శుక్రవారం నాడు బసవరాజు వచ్చాడు. రెండు కోసుల దూరంలోని పల్లెలో పెద్ద రైతు. ఎద్దులబండి అంగడి ముందే ఆపి, చంకలో రెండు కోట్లు పట్టుకుని దిగాడు.

"ఏమప్పా మహానందీ, బాగుండావా? నీ కోట్లకు లోపల గడ్డాలు పెరుగుతాండాయని విన్నా. మంగలిని పెట్టుకోరాదా?"

మహానంది నవ్వలేదు. "కూర్చోండి రాజప్పా. ఏం పని?"

బసవరాజు పొట్ట మీద అరచేత్తో కొట్టుకున్నాడు. "ఇదీ పని. సోమవారం కలెక్టరు దొర మా ఊరికి వస్తాండాడు, బావి చూడ్డానికి. అర్జీ ఇచ్చేది నేనే. గుండీలు పట్టడం లేదు. ఆదోనిలో నిరుడు కుట్టించిన కోటు ఇది. వదులు చెయ్యండప్పా అంటే, లోపల గుడ్డే లేదు పొమ్మన్నారు."

మహానంది ఆ కోటు తిరగేశాడు. పక్క కుట్టు వెంట ఓవర్‌లాక్ అల్లిక చక్కగా, సమంగా ఉంది. తప్పు పట్టేందుకేమీ లేదు. కానీ అల్లిక దాటి గుడ్డ లేదు. కుట్టుకు అవతల పావు అంగుళం.

"మిషను కోసేసింది. దీన్ని వదులు చెయ్యలేం."

"అందుకే పాతది కూడా తెచ్చినా. ఎనిమిదేండ్ల కిందట నువ్వే కుట్టినావు, ఈ తెల్లది. ఈ కోటు ఏసుకొని పోతే పని కాని దినం లేదు. దీన్ని రెండంగుళాలు వదులు చెయ్యి."

మహానంది చేయి చాచలేదు. "దాంట్లో కూడా గుడ్డ ఉండదు రాజప్పా. అర అంగుళానికి కత్తిరించినా. నాకు గుర్తుండాది."

"చూడకుండానే చెప్తాండావే! సోమవారం పొద్దున బండి పంపను, నేనే వస్తా. చూసి చెయ్యి."

కోటు బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా మహానంది దాన్ని ముట్టలేదు. ఆమె చేతి కోట్లు చాలా ఊళ్లలో చాలామంది ఒంటి మీద ఉన్నాయి. మూడేళ్లలో ఒక్కటీ తిరిగి అంగడికి రాలేదు. ఇదొక్కటే వచ్చింది. దీన్ని విప్పాలంటే ఆమె వేసిన కుట్టు మీద తన బ్లేడు పెట్టాలి.

శనివారం పొద్దున పక్కింటి పెద్దక్క జొన్నరొట్టెలు తెచ్చి గడప లోపల పెట్టింది. ఒంటరి మనిషి, వండుకోడని ఆమెకు తెలుసు. కోటు ముందు కూర్చున్న అతన్ని చూసింది.

"నిన్నటినుంచి దాన్నే చూస్తాండావు. దానికేమన్నా మాటలొచ్చినాయాప్పా?"

"రాలేదక్కా."

"వస్తే చెప్పు, నేను గూడా వింటా. రొట్టె ఆరిపోకముందే తిను."

ఆమె వెళ్లాక అతను కోటు తిరగేశాడు.

పట్టీలు ఎక్కడా ముడత లేకుండా, పాలమీగడ రంగుకు తిరిగి ఉన్నాయి. పక్క కుట్టు దగ్గర వేలు పెట్టాడు. వేలి కింద గుడ్డ అయిపోవాల్సిన చోట అయిపోలేదు. స్కేలు తీసి కొలిచాడు. కుట్టుకు ఈ వైపు అంగుళం. ఆ వైపు అంగుళం. నడివీపు కుట్టుకు కూడా అంతే. ప్రతి అంచుకూ విడివిడిగా పట్టీ. కుట్టును రెండు పక్కలకూ విప్పి, ఇస్త్రీ చేసి పరచడం వల్ల బయటికి ఆ లావు జాడే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. కొలత సరిచూసుకునే దాకా పక్కన ఎక్కువ గుడ్డ ఉంచి, తరువాత కత్తిరించేయమని ఆమె ముందు పడేసేవాడు. ఈ కోటును ఆమె కత్తిరించలేదు. ఇస్త్రీ చేస్తూ చూసి తను కసిరాడు.

"కోటు లోపల ఇంకొక కోటు కుట్టినావా? ఇంత గుడ్డ ఎవరికని?"

"మనిషి ఎప్పుడూ ఒకే తీరుగుంటాడా?" అంది ఆమె, సూదికి దారం ఎక్కిస్తూ.

తను రెండు రోజులు మాట్లాడలేదు. గుడ్డ కత్తిరించడం నా పని, నీది కాదని అన్నాడు కూడా. ఆ తరువాత ఆమె ఎన్ని కోట్లకు అంగుళం వదిలిందో, ఎన్నిటికి తన మాట విని కత్తిరించిందో ఇప్పుడు అడగడానికి లేదు.

పని మొదలుపెట్టాడు. రెండు పక్కలవీ, నడివీపుదీ కలిపి మూడు కుట్లు. ఒక్కో కుట్టుకు రెండు వైపులా అర అంగుళం వదిలితే మొత్తం మూడంగుళాలు. చంక కింద నుంచి మొదలుపెట్టి నడుముకు వచ్చేసరికి అర అంగుళం అయ్యేలా గీత వాలుగా గీశాడు. కింది మడత కుట్ల దగ్గర మట్టుకు విప్పాడు. అంచు పట్టీల జోలికి పోనక్కరలేకపోయింది. అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. విప్పిన పాత కుట్టు వెంట సూది రంధ్రాలు వరుసగా కనబడ్డాయి. లోపల దాగిన గుడ్డ సున్నంలా తెల్లగా ఉంది. తడిగుడ్డ వేసి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో అదిమి, గోటితో రాసి, ఆ రంధ్రాలు పూడ్చాడు. ఒకసారి ఉతికి, నీలిమందు పెట్టి ఎండలో వేస్తే రెండు తెలుపులూ దాదాపు కలిశాయి.

ఒక్కచోట మాత్రం చెమటకు పట్టీ చివికింది. కుడి చంక దగ్గర నాలుగు వేళ్ల మేర. ఆదివారం మధ్యాహ్నం దానికి కొత్త పట్టీ ఐమూలగా కత్తిరించాడు. మిషనుతో ఒక వైపు కుట్టి, తిప్పి, రెండో వైపు చేత్తో పట్టాడు. సూది నెట్టేటప్పుడు ఆమె వేలికి తొడుక్కునే ఇత్తడి అంగుస్తానా అతని వేలికి దూరలేదు. వట్టి వేలితోనే సూది నెట్టాడు. మూడుసార్లు విప్పి కుట్టాడు. మూడోసారి ఇంతకన్నా రాదని వదిలేశాడు.

సోమవారం పొద్దున బసవరాజు కోటు తొడిగి గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఊపిరి బిగపట్టకుండానే పట్టాయి.

"గుడ్డ లేదంటివే! యాడనుంచి పుట్టింది?"

మహానంది జవాబు చెప్పేలోగా అతను కోటు విప్పి తిరగేశాడు. పొలంలో జొన్న కంకిని తడిమే వేళ్లు పట్టీ వెంట నడిచాయి. నడివీపు, పక్క, చంక. కుడి చంక దగ్గర ఆగాయి. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాయి.

"ఈ నాలుగు వేళ్లు వేరే చెయ్యప్పా. ఎవరితో చేయించినావు?"

మహానంది ఆ పట్టీ మీద తన వేలు పెట్టాడు. బయట ఎద్దులు మెడగంటలు ఊపుతున్నాయి.

"ఆ నాలుగు వేళ్ల పనే నాది రాజప్పా. మిగిలిందంతా మా ఇంటామెది."

"కోటు మొత్తమా?"

"లోపల మొత్తం. అన్ని కోట్లకూ. ఆ గుడ్డ వదిలింది గూడా ఆమే. నేను తిట్టినా."

బసవరాజు కోటును వెంటనే తొడుక్కోలేదు. "ఇన్నేండ్లు నిన్ను మెచ్చుకొంటిమి గదయ్యా," అన్నాడు. కోపంగా కాదు. పొరపాటున ఇంకొకరి ఇంటికి వెళ్లిన మనిషిలా అన్నాడు. తరువాత, "వచ్చే ఏటికి ఇంకోటి కావాల. నువ్వు కుట్టగలవా లేదా? ఉన్నదున్నట్లు చెప్పు."

"ఇప్పుడైతే లేదు. మీరే చూసినారు గదా. నేర్చుకోవాల."

"ఈ వయసులోనా?" నవ్వబోయి ఆపుకున్నాడు. "సరే. బావి సంగతి తేలినాక గుడ్డ పంపుతా. తొందర లేదు. కానీ అంగుళం మాత్రం వదులు. నా పొట్ట మీద నాకు నమ్మకం లేదు."

బండి మలుపు తిరిగింది. కాసేపటికి ఆదోని బస్సు వచ్చి హారను కొట్టింది. కండక్టరు అంగడి వైపు చూసి కేకేశాడు. మహానంది లోపలినుంచే చెయ్యి ఊపి వద్దన్నాడు. సేటుకు ఏం చెప్పి పంపాలో అతనికి తోచలేదు. బస్సు వెళ్లాక లేచిన ఎర్రదుమ్ము గడప మీద కూర్చుంది.

పలక మీది అట్టముక్కలు తీసి బల్ల కింద పెట్టాడు. పలక తుడిచి, ఆమెలాగే గడపకు వీపు పెట్టి కూర్చున్నాడు. అక్కడినుంచి బజారు కనబడదని, గోడా వెలుతురూ తప్ప ఏమీ కనబడవని ఇన్నేళ్లలో అతనికి తెలియదు. ఇరవై ఆరేళ్లు ఆమె చూసింది ఇదే.

పలుచటి మల్లుగుడ్డ పీలిక తీసుకుని అంచును రెండు వేళ్ల మధ్య చుట్టసాగాడు. చుట్టు అంచు లావుగా, వానపాములా వచ్చింది. దాన్ని విప్పి, వేళ్లు తడి చేసుకుని, మొదటినుంచి చుట్టాడు.