గుండ్రంలో గీత ఒకటా, రెండా

నిజామాబాద్‌లో నాకొక చిన్న ఫోన్ల కౌంటరు ఉంది. రీఛార్జులు, కవర్లు, ఛార్జర్లు, సెట్టింగుల తంటాలు. అంతకు ముందు ఇరవై ఏళ్లు బీడీలు చుట్టాను. నడుము ఇక పనికి రానన్నప్పుడు, ఆడవాళ్లకు ఫోను రిపేరు నేర్పిస్తారంటే వెళ్లి కూర్చున్నాను. వయసులో అందరికంటే నేనే పెద్దదాన్ని.

కౌంటరు పెట్టిన కొత్తలో నాకు ఎక్కువ చెమటలు పట్టించింది ఫోను విప్పడం కాదు, ఫోనులో మాట్లాడడం. మోస్రా, మెండోర లాంటి ఊళ్ల నుంచి ఎవరో ఫోను చేసి, "నెట్టు వస్తలేదక్కా" అంటారు. "పైన ఏం గుర్తు ఉంది?" అంటే "ఏమో, చుక్క లెక్కుంది" అంటారు. అందుకని స్క్రీన్‌షాట్ పంపమనడం అలవాటు చేసుకున్నాను. తెర పైఅంచున చీమల్లా వరుసగా ఉండే ఆ గుర్తులను పెద్దవి చేసుకుని చూస్తే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. ఒకసారి బోధన్ అవతల, మహారాష్ట్ర అంచున పొలమున్న రైతు పంపిన బొమ్మలో సిగ్నల్ గీతల పక్కన చిన్న R ఉంది. ఫోను అవతలి రాష్ట్రం టవరు పట్టుకుంది, రోమింగులో డేటా వాడుకునే మీట ఆపేసి ఉంది, అంతే. ఆ మీట వేయించాను. ఆయన మార్కెట్ యార్డుకు వచ్చినప్పుడు ఒక సంచెడు పచ్చి పసుపు కొమ్ములు ఇచ్చి వెళ్లాడు.

అలాంటివి చాలా చూశాను కనుక గుర్తులు చదవడంలో నాకు కొంచెం గర్వం ఉండేది. ఆ గర్వం ఒక పెళ్లిని చెడగొట్టేదే.

నాతో కలిసి బీడీలు చుట్టిన ఒకామె ఉంది. వయసులో చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమె కూతురికి పుట్టుకతో వినపడదు. సైగలతో మాట్లాడుతుంది, తెలుగు చక్కగా రాస్తుంది, ఊళ్లో చీరల మ్యాచింగ్ దుకాణంలో పని చేస్తుంది. ఆ పిల్లకు బోధన్‌లో టైలరింగ్ చేసే అబ్బాయితో సంబంధం కుదిరింది. అతనికీ వినపడదు. నిశ్చితార్థం అయ్యాక ఇద్దరూ వీడియో కాల్‌లో చేతులతో గంటలు గంటలు మాట్లాడుకునేవారు.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్లు నా కౌంటరు ముందు నిలబడ్డారు. పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, గీ లగ్గం అయ్యేటట్టు లేదు," అంది తల్లి.

"ఏమైందే?"

"పగటీలి తిండి టైముల పిల్ల ఫోన్ జేస్తది. వారం సంది పిలగాడు ఎత్తుతనే లేడు. పొద్దూకినంక తనే చేసి, నాకు కాల్ రాలేదు అంటడట. ఇంకోసారి నీ ఫోన్ల కాల్స్ ఫోటో పంపియ్యమంటే అండ్ల మిస్డ్ కాల్స్ అన్నీ ఉన్నయి. అవద్దమాడవడితివి అని పిల్ల రెండు దినాల సంది మాట్లాడుతలేదు. మా ఆయన అయితే ఐతారం పోయి వద్దని చెప్పొస్త అంటుండు."

ఆమె భర్త ఊళ్లో ఆటో నడుపుతాడు. మంచివాడే కానీ, కూతురి విషయంలో ఎవరో చిన్నచూపు చూస్తున్నారన్న అనుమానం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

పిల్ల తన ఫోను నా ముందు పెట్టింది. కాల్ చేస్తున్నప్పుడు తీసిన స్క్రీన్‌షాట్ చూపించింది. పైన 5G ఉంది, గీతలు నిండుగా ఉన్నాయి. ఆమె వైపు లోపమేమీ లేదు. మధ్యలో అతని ఫోటో కింద 'కాలింగ్' అని ఉంది. అది అప్పుడు చూశాను, కానీ బుర్రకు ఎక్కించుకోలేదు.

అబ్బాయి నంబరు తీసుకుని, వాట్సాప్‌లో నేనెవరో రాసి, తెర పైభాగం కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ పంపమన్నాను. నా సందేశానికి చాలాసేపు ఒక్క టిక్కే ఉంది. రెండున్నరకు, బహుశా అన్నం తినడానికి లేచినప్పుడు, రెండో టిక్కు పడింది. వెంటనే బొమ్మ వచ్చింది.

పెద్దది చేసి చూశాను. 4G, మూడు గీతలు. రెండు పక్కలా వణుకుడు గీతలున్న ఫోను బొమ్మ, అంటే వైబ్రేషన్‌లో ఉంది. దాని పక్కన ఒక గుండ్రం, గుండ్రంలో అడ్డంగా ఒక గీత. మసకగా ఉన్నా గీత కనపడుతోంది.

"ఇగో, ఇదే," అన్నాను ఎంతో తెలిసినదానిలా. "ఇది డు నాట్ డిస్టర్బ్. ఇది పెట్టుకుంటే ఎవరు చేసినా ఫోన్ చప్పుడు చెయ్యది, వణకది."

తల్లి ముఖం మాడిపోయింది. నేను ఇంకో మాట అనేలోపే భర్తకు ఫోను చేసి చెప్పేసింది. పది నిమిషాల్లో ఆటో వచ్చి కౌంటరు ముందు ఆగింది.

"సూసినవా వదినా? నన్ను సతాయించకు అని బోర్డు పెట్టుకున్నడు వాడు! అసొంటోనికి పిల్లనిస్తనా?" అన్నాడాయన.

పిల్లకు మాటలు వినపడకపోయినా తండ్రి ముఖం చదవగలదు. కౌంటరు అంచు పట్టుకుని తల దించుకుంది. నేను చేసిన పని ఏమిటో అప్పుడు నాకు అర్థమైంది. ఒక మసక బొమ్మలో ఒక గీత చూసి, కనిపించని మనిషి మీద తీర్పు చెప్పేశాను.

ఏం చేయాలో తోచక పిల్ల స్క్రీన్‌షాట్ మళ్లీ చూశాను. 'కాలింగ్'. అది అప్పుడు తగిలింది. అవతలి ఫోనుకు కాల్ అందితే ఇవతల 'రింగింగ్' అని మారాలి. డు నాట్ డిస్టర్బ్ పెట్టుకున్నా కాల్ అందుతుంది, చప్పుడు రాదు, అంతే. ఇక్కడ అసలు అందనే లేదు. నా సందేశానికి అంతసేపు ఒక్క టిక్కే ఉండడం కూడా అదే చెబుతోంది. అలాంటప్పుడు ఆ గుర్తు నేననుకున్నది కాదు.

"బావా, జర ఆగు. నేను తప్పు చదివినట్టున్న," అన్నాను.

"ఇప్పుడే అవునంటివి, ఇప్పుడే కాదంటివి!"

"తప్పయితే తప్పే అంట. ఒక్క ఐదు నిమిషాలియ్యి."

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, చిన్న గుర్తులు అలికినట్టవుతాయి. అదే బొమ్మను డాక్యుమెంట్‌గా పంపమని అబ్బాయికి రాశాను. అన్నం తింటూ ఉన్నాడేమో, వెంటనే పంపాడు. ఈసారి పెద్దది చేస్తే గుండ్రం గుండ్రంలా, గీత గీతలా స్పష్టంగా నిలబడింది. అడ్డగీత ఒక్కటే కాదు. దాన్ని కోస్తూ సన్నని నిలువుగీత ఇంకొకటి ఉంది. తీసివేత కాదు, కూడిక. గుండ్రంలో కూడిక గుర్తు ఉంటే అది డేటా సేవర్.

ఒకసారి దెబ్బ తిన్నాను కనుక ఈసారి నోరు తెరవలేదు. ముందు అతన్ని ఒక ప్రశ్న అడిగాను: "మీ ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ అవుతుందా?"

అతను రాశాడు: "కావడం లేదు మేడం. వారం నుంచి. మా మాస్టర్ డిజైన్లు చూడడానికి అడుగుతారు. బటన్ బూడిద రంగులో ఉంది. ఫోన్ పాడైందా?"

ఇప్పుడు లెక్క కుదిరింది. డేటా సేవర్ వేసి ఉన్నంతసేపు హాట్‌స్పాట్ పెట్టనివ్వదు. అదే డేటా సేవర్, మనం తెరిచి చూస్తున్న యాప్‌కు తప్ప వెనక ఉన్న యాప్‌లకు మొబైల్ డేటా అందనివ్వదు. అతను బట్టలు కుడుతుంటే ఫోను చొక్కా జేబులో ఉంటుంది, కాల్ లోపలికి వచ్చే దారి మూసుకుని ఉంటుంది. తిండికి లేచి వాట్సాప్ తెరిచాకే మిస్డ్ కాల్స్ అన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. కాల్ రాలేదని అతను చెప్పింది నిజం. మిస్డ్ కాల్స్ ఉన్నాయని పిల్ల చూసిందీ నిజమే.

ఇదంతా తండ్రికి ఆటోవాడి మాటల్లో చెప్పాను. "గేటు మూసి ఉంటే నువ్వు బయట ఎంత హారన్ కొట్టినా ఇంట్లోనికి ఇనపడదు. ఆయన గేటు తీసినప్పుడే నువ్వు వచ్చినవని తెలుస్తది."

"మరి ఆ గేటు ఎవడు మూయమన్నడు?" అన్నాడు ఆయన, ఇంకా కోపం పూర్తిగా దిగకుండా.

అది నాకూ తెలియదు. అబ్బాయినే అడిగాను, డేటా సేవర్ ఎందుకు వేశావని. రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. చివరికి వచ్చింది:

"రోజు డేటా సాయంత్రానికే అయిపోతుంది. మేము మాట్లాడాలంటే వీడియో కావాలి. డేటా లేకపోతే చేతులు కనపడవు. ఆమె కోసం మిగిల్చాను."

నేను పైకి చదివాను. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల నా చేతిలోంచి ఫోను లాక్కుని తనే చదువుకుంది, రెండుసార్లు. తండ్రి ఆటో వైపు చూస్తూ, "పిచ్చోడు," అన్నాడు మెల్లగా. ఆ మాటలో తిట్టు లేదు.

డేటా సేవర్ తీసేయమనలేదు. అతని లెక్క సరైనదే. దానిలోపలే, ఏ యాప్‌కు అడ్డు లేకుండా డేటా ఇవ్వాలో ఎంచుకునే చోటు ఉంది. నా ఫోనులో ఒక్కో మెట్టూ స్క్రీన్‌షాట్ తీసి, నొక్కాల్సిన చోట ఎర్రగా గీసి పంపాను. వాట్సాప్ ఒక్కదానికి అడ్డు తీసి మిగతావన్నీ అలాగే ఉంచమన్నాను. మాస్టర్‌కు హాట్‌స్పాట్ కావాల్సిన కాసేపు సేవర్ ఆపి, పని కాగానే మళ్లీ వేసుకోమన్నాను. అయ్యాక తెర ఆర్పి ఫోను జేబులో పెట్టుకోమన్నాను.

తర్వాత పిల్లకు సైగ చేశాను, కాల్ చేయమని.

తెర మీద 'కాలింగ్' అని పడింది. నలుగురం దాని మీదికి వంగాం. ఒక క్షణం, రెండు క్షణాలు. అక్షరాలు మారాయి. 'రింగింగ్'. తండ్రి నా భుజం మీదుగా తొంగి చూస్తూ, "మారింది, మారింది!" అని అరిచాడు.

అబ్బాయి తెర మీదికి వచ్చాడు. మెడలో టేపు, వెనక వేలాడుతున్న జాకెట్లు. ఫోను వణికిందని చెప్పడానికి అరచేతిని గుండె మీద పెట్టి గబగబా ఆడించాడు. పిల్ల ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుంటూ కుడిచేత్తో ఏదో అంది. అతను నవ్వి చెవులు పట్టుకున్నాడు. పిల్ల అడ్డంగా తల ఊపి తనే చెవులు పట్టుకుంది.

"ఏమంటుండ్రే?" అన్నాను.

"తప్పు నాది అంటే నాది అనుకుంటుండ్రు," అంది తల్లి.

నేను తండ్రి వైపు తిరిగి, "అందరికంటే ముందు తప్పు నాది. సరిగ సూడకుండనే చెప్పిన," అన్నాను.

"పోనీ వదినా, నేను ఐతారం దాకా ఆగిన, గదే మంచిగైంది," అని ఆయన ఆటో స్టార్ట్ చేశాడు. వెళ్తూ వెళ్తూ మళ్లీ ఆపి, "ఐతారం ఎట్లైనా బోధన్ పోత. పిలగాన్ని సూసొస్త," అన్నాడు.

ఆ ఆదివారం నిజంగానే వెళ్లాడట. కాబోయే అల్లుడు ఆయనకు ఖాకీ చొక్కా కొలతలు తీసుకుని పంపించాడని పిల్ల తల్లి తర్వాత చెప్పింది. పెళ్లి వేసవిలో అయింది. నేను ముందు వరుసలో కూర్చుని కడుపునిండా తిని వచ్చాను. ఇప్పుడు ఆ పిల్ల బోధన్‌లోనే భర్త పక్కన చీరలకు ఫాల్స్ కుడుతోంది. రోజూ వాళ్లమ్మకు వీడియో కాల్ చేస్తుంది. మొన్న నేను ఆ తల్లి ఇంట్లో కూర్చుని ఉండగా కాల్ వచ్చింది. తల్లి బియ్యం ఏరుతున్న చేతులు దులుపుకుని, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, తీరిగ్గా సైగలు మొదలుపెట్టింది.