కుడిచేతి అన్న, ఎడమచేతి తమ్ముడు

మా అక్క మొగుడు గరివిడి స్టేషను రోడ్డులో టమాటా బజ్జీల బండి పెడతాడు. విజయనగరంలో నేను పనిచేసే ఫొటో స్టూడియో మూతపడ్డాక కొన్నాళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆరేళ్ళపాటు ఊరందరి పెళ్ళి వీడియోలూ ఎడిటింగ్ చేసినదాన్ని, పని లేక గుమ్మంలో కూర్చుని పల్లీలు ఒలుస్తుంటే బావకి జాలేసింది.

"అమ్మీ, ఊరోళ్ళ పెళ్ళిళ్ళు సానా సూపించినావు. ఇంక నా బజ్జీని సూపించు. రోజుకో రీలు పెట్టీదాం," అన్నాడు.

"కంప్యూటరు ఏది బావా?"

"ఫోనుంది గదా. అందులో లేందేటి?"

నిజమే, అందులో లేనిది లేదు. ఫోనులోకి ఒక ఎడిటింగ్ యాప్ దింపుకున్నాను. రెండు రోజుల్లో పని ఒక పద్ధతికొచ్చింది. సాయంత్రం నాలుగింటికి బావ మొదటి వాయి వేస్తాడు. నేను ముందు చున్నీ అంచుతో ఫోను లెన్సు తుడుస్తాను. బండి దగ్గర నూనె ఆవిరి పట్టి, తుడవకపోతే బజ్జీ మంచులో ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోను నిలువుగా పట్టుకుని మూడేసి, నాలుగేసి సెకన్ల ముక్కలు తీస్తాను. టమాటా శనగపిండిలో మునగడం, నూనెలో పడడం, పొంగి పైకి తేలడం, చాకుతో రెండుగా కోయడం, ఉల్లిపాయ ముక్కలూ వేయించిన పల్లీలూ కూరడం, నిమ్మకాయ పిండడం, చివరికి కాగితం ప్లేటు మన చేతికి అందించడం. ఏడు ముక్కలు.

తర్వాత పక్కనున్న మూసేసిన కొట్టు మెట్ల మీద కూర్చుంటాను. యాప్‌లో నిన్నటి ప్రాజెక్టుకి నకలు తీసి, పాత ముక్కల స్థానంలో కొత్తవి పెడతాను. అప్పుడు అక్షరాలూ, పాటా, ఒక్కో ముక్క నిడివీ మళ్ళీ మొదటినుంచి సర్దుకోనక్కర్లేదు. నూనెలో పడే చప్పుడు పెంచి, పాట తగ్గించి, మొత్తాన్ని ఒక వీడియోగా ఎగుమతి చేసి, ఐదున్నరకల్లా పెట్టేస్తాను. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళు ఫోను చూసుకునే వేళ అది.

మూడో వారంలో ఒక రీలు ఎందుకో బాగా తిరిగింది. చీపురుపల్లి, రాజాం, బొబ్బిలి, ఎక్కడెక్కడివాళ్ళో చూశారు. చూసి, బజ్జీ గురించి ఒక్క మాట రాయలేదు. అందరూ చేతి గురించే రాశారు.

"ఎడమ చేత్తో పెడతన్నాడేటి?"

"అన్నం తినే సెయ్యి ఏదో తెల్దా ఈ మనిసికి?"

మా బావది పుట్టు ఎడమచేతి వాటం. గరిటె, చాకు, నిమ్మకాయ అన్నీ ఆ చేతివే. ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. అక్క ఆ కామెంట్లన్నీ ఒక్కొక్కటే పైకి చదివింది. బావ ఆ పూట గరిటె కుడిచేత్తో పట్టుకున్నాడు. రెండు బజ్జీలు పొయ్యి అవతల పడ్డాయి, ఒకటి కొనడానికొచ్చినాయన చెప్పులో పడింది.

నాకు ఒక ఉపాయం తోచింది. యాప్‌లో ముక్క మీద నొక్కితే కింద ఎడిట్ అని వస్తుంది, అందులో మిర్రర్ ఉంటుంది. అద్దంలోలాగా బొమ్మ అటుదిటు అవుతుంది. ఏడు ముక్కలకీ నొక్కాను. బావ ఎడమచెయ్యి కుడిచెయ్యి అయిపోయింది. చొక్కా జేబు కుడివైపుకి వెళ్ళింది గానీ జేబుని ఎవరు చూస్తారు?

బావ ఆ రీలు నాలుగుసార్లు చూసుకున్నాడు. "నానేనేటి ఇది? ఎంత పద్ధతిగా ఉన్నాను," అన్నాడు.

కామెంట్లలో చెయ్యి గొడవ ఆగిపోయింది. బోర్డు గొడవ మొదలైంది. బండి మీద "వేడి వేడి టమాటా బజ్జీ" అని రాసిన రేకు కూడా తిరగబడింది కదా.

"బోర్డు దించీ బావా. పేరు నేను యాప్‌లో వేస్తాను. ఆ అక్షరాలు వేరే పొర మీద ఉంటాయి, ముక్కని తిప్పినా అవి తిరగవు," అన్నాను.

"బోర్డు లేని బండి బండేటి? బట్టల్లేని మనిసిలాగుంటాది," అన్నాడు. రెండు రోజులు ఆలోచించి, "బోర్డే తిరగేసి రాయించీదాం. నువ్వు తిప్పితే సరిగ్గా వస్తాది," అన్నాడు.

ఇది తప్పు అని చెప్పడానికి నాకు కారణం దొరకలేదు. లెక్కప్రకారం అది సరైనదే. అక్షరాలు ఫోనులో రాసి, బొమ్మగా దాచి, తిప్పి, పెయింటరుకి పంపాను. అతను అది చూసి ఫోను చేశాడు. "అమ్మా, ఏదో తేడాగా వచ్చినాది." అలాగే వేయమన్నాను. అతను అద్దం పక్కన పెట్టుకుని వేశాడట. వేశాక కింద తన పేరు మాత్రం వద్దన్నాడు.

ఆ రోజునుంచి రీలులో అంతా చక్కగా ఉండేది. రోడ్డు మీదే ఏదీ సరిగ్గా లేదు. వచ్చినవాళ్ళు బోర్డు ముందు తల పక్కకి ఒంచి నిలబడేవారు. ఒరియా అనుకున్నారు చాలామంది. ఇచ్ఛాపురం వైపునుంచి వచ్చిన లారీ డ్రైవరు చాలాసేపు చూసి, "నాకు ఒరియా వచ్చు. ఇది ఒరియా కాదు," అని బావతో గట్టిగా చెప్పి, రెండు ప్లేట్లు తిని వెళ్ళాడు.

తర్వాతి ఆదివారం రాజాం నుంచి బైకు మీద ఇద్దరొచ్చారు. మా రీళ్ళన్నీ చూసినవాళ్ళు. బావ బజ్జీ కోస్తుంటే ఒకాయన ఫోను తీసి, రీలు చూసి, బావని చూసి, మళ్ళీ రీలు చూశాడు.

"ఇది డూప్లికేట్ బండి," అన్నాడు.

"డూప్లికేటేటి? నానే బావూ అది."

"అతనిది కుడి సెయ్యి. జేబు కుడి పక్కన. స్టేషను కుడి పక్కన. బోర్డు తెలుగు. నీది ఒక్కటైనా కలిసిందేటి?"

బావ తన జేబుకేసి చూసుకున్నాడు. నేను మెట్ల మీదనుంచి లేచి, యాప్ తెరిచి, మిర్రర్ నొక్కి చూపించాను. ఆయన చూశాడు. "అంటే ఒరిజినలు వీడియోని తిప్పి మీదేనని పెట్టుకుంటన్నారా?" అన్నాడు. అసలు బండి ఎక్కడుందో చెప్పమని ఇంకో పావుగంట అడిగి, చివరికి తినకుండానే వెళ్ళిపోయారు.

ఆ బాధలో మర్నాడు నేనొక పొరపాటు చేశాను. ఏడు ముక్కల్లో నాలుగోదాన్ని తీసేసి కొత్తగా చేర్చి, దానికి మిర్రర్ నొక్కడం మర్చిపోయాను. రీలులో కుడిచెయ్యి బజ్జీ నూనెలో వేస్తుంది, ఎడమచెయ్యి కోస్తుంది, మళ్ళీ కుడిచెయ్యి పల్లీలు కూరుతుంది. పెట్టేశాక గానీ నేను చూసుకోలేదు. తీసేద్దామనుకునేలోపే ఎవరో రాశారు: "ఇద్దరన్నదమ్ములు. పెద్దోడిది కుడి, సిన్నోడిది ఎడమ. మొన్న మేం సూసింది సిన్నోడిని." బైకాయనే అయ్యుండాలి.

కింద యాభైమంది ఆ మాటకి హృదయాలు పెట్టారు. బావ నా చేతిలోంచి ఫోను తీసుకుని, నేను ఆపేలోపే, "అవును" అని జవాబు రాశాడు.

"అబద్ధం కదా బావా."

"అబద్ధమే. పేణానికి సుఖంగా ఉన్నాది," అన్నాడు.

అక్కడినుంచి అన్నయ్య బతకడం మొదలుపెట్టాడు. జనం వచ్చి, "పెద్దాయన లేడా?" అని అడిగేవారు. బావ, "ఇయ్యాల రాలేదు" అనేవాడు. "అన్నయ్య సేతి బజ్జీకి ఉన్న కరకర నీదానికి లేదు," అని ఒకాయన బజ్జీ తింటూనే అన్నాడు. అన్నయ్య చేతి బజ్జీ ఆయన ఎప్పుడూ తినలేదు. బావ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. "ఏటమ్మీ, ఆడికేటి అంత పేరు? పిండి కలిపింది నాను, నిమ్మకాయ పిండింది నాను," అన్నాడు. మర్నాడు పల్లీలు రెట్టింపు వేశాడు. కామెంట్లలో అందరూ అన్నయ్యని మెచ్చుకున్నారు.

ఆఖరుకి కళింగపట్నం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఎండుచేపల వ్యాపారం, గరివిడిలో చుట్టాలున్నారు. బావ నీళ్ళకి వెళ్ళాడు, బండి దగ్గర అక్కా నేనూ ఉన్నాం. ఆవిడ ఒక ప్లేటు నిదానంగా తిని, చెయ్యి కడుక్కుని, అక్కని అడిగింది.

"అమ్మా, పెద్దబ్బాయికి పెళ్ళయిందేటి? మా సెల్లి కూతురున్నాది. మనిసి పద్ధతిగా కనిపిస్తన్నాడు."

అక్కకి అబద్ధం చేతకాదు, నిజం చెప్పే వీలూ కనిపించలేదు. "అయిపోనాదండి," అంది.

"ఎవులమ్మాయి?"

"నానే."

"ఓహో. మరి ఆ సిన్నబ్బాయో? ఎడం సెయ్యైనా పర్లేదు."

అక్క నావైపు చూసింది. నేను నూనె మూకుడు వైపు చూశాను.

"ఆడికీ నానేనండి," అంది అక్క.

ఆవిడ చీర చెంగు సర్దుకుని, మెల్లగా వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. బావ నీళ్ళబిందెతో వచ్చాక అక్క పెళ్ళి సంబంధం మాట చెప్పి, "నీ అన్నని రేపట్నుంచి రావద్దని సెప్పు," అంది.

మర్నాడు బోర్డు దించాం. పెయింటరు సరైన అక్షరాలతో కొత్తది వేసి, ఈసారి కింద తన పేరు రాసుకున్నాడు. ఏ ముక్కకీ మిర్రర్ నొక్కకుండా రీలు చేశాను. బావ కెమెరా ముందు నిలబడి, ఎడమచేత్తో గరిటె పైకెత్తి, మొదటిసారి మాట్లాడాడు. "నాకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. నానొక్కడినే. పుట్టినకాడ్నించి ఎడం సెయ్యే. ఇష్టమైతే తినండి."

బొమ్మ కింద మాటలు కూడా పడితే బాగుంటుందని యాప్‌లో ఆటో క్యాప్షన్లు పెట్టాను. మనం మాట్లాడింది విని అదే రాసేస్తుంది. రాసింది మనం ఒకసారి చదివి దిద్దుకోవాలి. ఐదున్నర అవుతోందని, కళ్ళు చెమర్చి ఉన్నాయని, నేను దిద్దకుండానే ఎగుమతి చేసి పెట్టేశాను. ఒకసారి వీడియోలో కలిసిపోయాక ఆ అక్షరాలు మార్చడం కుదరదు, తీసేసి మళ్ళీ పెట్టాల్సిందే.

మా వైపు మాట యాప్‌కి అంతగా తెలీదు. "నానొక్కడినే" అన్నదాన్ని అది "నాన్న ఒక్కడే" అని రాసింది.

గంటలో రెండొందలమంది చూశారు. మొదటి కామెంటు, "అన్నదమ్ములు లేకపోతే ఏటి, నాన్న ఉన్నాడు కదా. ఆయన్ని కూడా సూపించండి" అని. రెండోది, "ఈ ఎడమ చెయ్యి తండ్రిగారి పోలికా?" అని.

తీసేస్తానన్నాను. బావ వద్దన్నాడు. మూకుడులో టమాటాలు తిప్పుతూ, "ఉండనీ. ముసలాయనకి ఎవులూ సంబంధాలు అడగరు," అన్నాడు.