చేతికి తగలనిది తగిలిందన్నాను

తొంభైల చివర్లో నేను కొత్తపేట పశువుల ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. రిటైరైన ఒక టీచరుగారు నాలుగు నెలల పొమేరియన్ కుక్కపిల్లను టీకాకని తెచ్చారు. దీనికి వృషణం ఒక్కటే కనబడుతోందని ఆవిడే అన్నారు. మామూలుగా రెండు నెలలకల్లా రెండూ సంచిలోకి దిగిపోవాలి. గజ్జల్లో వేళ్లతో తడిమాను. పిల్ల గింజుకుంటోంది, బయట గేదెలతో రైతులు నిలబడి ఉన్నారు. మెత్తగా ఏదో తగిలింది. అది కొవ్వే అయ్యుండాలి.

"ఇక్కడే ఉందండి, దిగుతుంది" అన్నాను.

పిల్లకు ఎనిమిదో నెలలో ఆవిడ మళ్లీ వచ్చారు. ఆరు నెలలు దాటాక ఇక దిగదనీ, లోపలే ఉండిపోయినదానికి ఒంటి వేడివల్ల క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువనీ, ముందే రెండూ తీసేయాలనీ నేను చదువుకున్నదే. కానీ పొట్ట కోసి దాన్ని వెతికే ఆపరేషన్ ఎప్పుడూ చేయలేదు. చేతకాదని చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది. ఈసారి కుక్కను ముట్టుకోకుండానే, కొన్నిటికి ఆలస్యమవుతుందని చెప్పి పంపేశాను.

తర్వాత బదిలీ మీద వేరే ఊళ్లు తిరిగి, ఏడేళ్లకు అక్కడికే వచ్చాను. ఆవిడా వచ్చారు. కుక్కకు రెండు పక్కలా బొచ్చు ఊడిపోయింది. ఆడకుక్కకులా చన్నులు ఉబ్బాయి. వీధిలో మగకుక్కలు దీని వెంటపడుతున్నాయని ఆవిడ మొహమాటంగా చెప్పారు. పొట్ట నొక్కితే నిమ్మకాయంత గడ్డ చేతికి దొరికింది. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. ఆ కణితి నుంచి ఊరే ఆడ హార్మోను ఎముకల మూలుగను దెబ్బతీసి, రక్తం తయారవకుండా చేస్తోంది.

రామచంద్రపురం నుంచి ఒక సీనియర్ డాక్టరుగారిని బతిమాలి పిలిపించాను. ఆయన బొడ్డు కింద కోసి, మూత్రాశయాన్ని పక్కకు తప్పించి, దాని వెనక దారంలా ఉన్న వీర్యనాళాన్ని పట్టుకుని, దాని వెంటే వెళ్లి గడ్డను బయటికి తీశారు. సంచిలో ఉన్న రెండోదీ తీసేశారు. చేతులు కడుక్కుంటూ, చిన్నప్పుడు దీన్ని ఎవరూ చూడలేదా అని అడిగారు.

"తెలీదండి" అన్నాను.

కుట్లు మానాయి గానీ రక్తం పుంజుకోలేదు. పన్నెండో రోజున కుక్క చనిపోయింది.

వారం తర్వాత ఆవిడ ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాను. మొదటిసారి నాకేమీ స్పష్టంగా తగల్లేదని, రెండోసారి అసలు చూడలేదని.

"ఆయ్. ముట్టుకోలేదని నేనూ చూసేనండి. పెద్ద చదువు చదివేరు కదా, చూస్తేనే తెలిసిపోతుందేమో అనుకున్నాను" అన్నారు ఆవిడ.

తిడితే బావుండేది. నేను తలెత్తలేకపోయాను. ఆ తర్వాత చాలా నెలలు, ఆవిడ ఉండే వీధిలోకి వెళ్లాల్సి వస్తే చుట్టు తిరిగి కాలవగట్టు మీంచి వెళ్లేవాణ్ని.