తొమ్మిది, ముప్ఫై ఒకటి, నలభై నాలుగు

వదిన ఇరవై రెండేళ్లు బడిలో టైంటేబుల్ వేసింది. పద్నాలుగు మంది టీచర్లు, పదకొండు గదులు. ఎవరూ ఎవరికీ అడ్డం రాకుండా వారమంతా నడిపించేది. మరిది సినిమా తీస్తాననగానే ఆ పనే మళ్లీ ఆమె నెత్తిన పడింది. యూనిట్ మొత్తం ఏడుగురు. అందరూ ఆమెను వదిన అనే పిలిచేవారు, ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన కెమెరామన్‌తో సహా.

మరిది ఇచ్చిన స్క్రిప్టు అరవై ఎనిమిది పేజీలు. కథ బాగానే ఉంది. సీన్లకు మాత్రం నంబర్లు లేవు. "ఆమె అక్కడికి వెళ్తుంది" అని ఉంది. అక్కడంటే ఎక్కడ? పగలా, రాత్రా? మూడు వారాలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని వదిన దాన్ని విడగొట్టింది. చోటు మారినా, సమయం మారినా కొత్త సీను, కొత్త నంబరు. యాభై ఆరు తేలాయి. సీనుకో కాగితం: ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరు, ఏయే వస్తువులు. పేజీని ఎనిమిది భాగాలుగా కొలిచి సీను పొడవు రాసింది, పక్కనే తీయడానికి పట్టే గంటలు.

"బస్సు వాగులో ఇరుక్కుంటుంది, అందరూ దిగి తోస్తారు. ఒక్క లైనేగా వదినా, ఎంతసేపు?" అన్నాడు మరిది.

"రాయడానికి నిమిషం. తీయడానికి రోజంతా. బస్సు, ముప్ఫై మంది, తడిసిన బట్టలకి మారు జతలు. నువ్వు తోస్తావా?"

షూటింగ్ పన్నెండు రోజులని అతను, పదమూడని ఆమె. చివరికి అతని మాటే నెగ్గింది. ఆమె నంబర్లు ఖాయం చేసి, అందరికీ కాపీలు పంచి, మరీ మరీ చెప్పింది: "వీటిని ఎవరూ కదపకండి. కొత్త సీను వస్తే ముందు నంబరుకే పక్కన 'ఏ' చేర్చండి. తీసేస్తే ఆ నంబరు ఖాళీగా ఉంచండి."

నాలుగో రోజు ఆదివారం. ఆ ఒక్కరోజుకే, సాయంత్రం ఆరింటి దాకా, మూసి ఉన్న క్లినిక్ ఇచ్చారు. అక్కడి సీన్లు మూడు: తొమ్మిది, ముప్ఫై ఒకటి, నలభై నాలుగు. వదిన పొద్దున ఎనిమిదికి వెళ్లేసరికి మెట్ల మీద ఒక సైకిలు, ఒక నిచ్చెన, పుట్టినరోజు కేకు ఉన్నాయి. సీనులో తాత చేతికి చుట్టాల్సిన కట్టు లేదు. మంచాన పడాల్సిన తాత లేడు.

"ఇదేంటయ్యా?" అంది సామాన్లు, మనుషుల్ని చూసుకునే యూనిట్ మేనేజర్‌తో.

"మీరు చెప్పిన నంబర్లేగా వదినా! తొమ్మిదికి సైకిలు, ముప్ఫై ఒకటికి నిచ్చెన, నలభై నాలుగుకి కేకు. వీటిలో తాత లేడని ఆయన్ని పిలవలేదు," అని అతను కాగితం చూపించాడు. అది ఆమె ఇచ్చిన కాగితం కాదు.

ఆమె మరిది వైపు తిరిగింది. అతను బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఎనిమిది తర్వాత చిన్న సీను కలిపా వదినా. కంప్యూటరే మిగతావన్నీ ఒక్కో నంబరు జరిపేసింది. మేనేజర్‌కి అదే పంపా. నీకు చెబుదామనుకుని..."

"అనుకుని?"

ఆమెకు అరవాలనిపించింది. అరిస్తే తాత రాడు కదా. బెంచీ మీద కూలబడి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. నంబర్లు వదిలేసి, ప్రతి సీనులో మొదటి డైలాగు పట్టుకుని సరిచూసింది. అసలు తొమ్మిదిలో నర్సు, మనవరాలు వరండాలో మాట్లాడుకుంటారు, అంతే. కొత్త కాగితం ప్రకారమూ వాళ్లిద్దరినీ పిలిచారు కాబట్టి వచ్చారు. అది ముందు మొదలుపెట్టించి, తాత వేషం వేసే రిటైర్డ్ కండక్టరుకు ఫోన్ చేసింది.

ఆయన బస్సెక్కి వచ్చేసరికి రెండు దాటింది. మిగిలిన రెండు సీన్లకూ ఆమె వేసిన లెక్క ఆరు గంటలు. చేతిలో ఉన్నవి నాలుగు లోపే.

"ఆరు యాంగిల్స్ అనుకున్నా," అన్నాడు మరిది.

"రెండు. ఏ రెండో నువ్వే చెప్పు. ఇక్కడే తాతకి కట్టు కట్టించి ఆ సీను ముందు, అది విప్పేసి రెండోది."

"సీను చచ్చిపోతుంది వదినా!"

"చంపింది నేనా?"

కెమెరామన్ నవ్వు ఆపుకుంటూ అటు తిరిగి లైటు సర్దాడు. మరిది మూతి ముడుచుకునే రెండు యాంగిల్స్ చెప్పాడు. ఆరుకు పది నిమిషాలుండగా వాచ్‌మన్ తాళాలు ఆడిస్తూ వచ్చాడు. తాత, మనవరాలు చివర్లో మాట్లాడుకునే అరపేజీ మిగిలిపోయింది. వదిన దాన్ని కత్తిరించి నలభై నాలుగు ఏ అని రాసింది. చోటు: తాత ఇంటి గుమ్మం.

మర్నాడు మరిది అందరి ముందూ మేనేజర్ దగ్గరున్న కొత్త కాపీ వెనక్కి తీసుకున్నాడు. "తప్పు నాదే," అన్నాడు, గొంతు తగ్గించి. ఆ గుమ్మం సీను కోసం ఒక రోజు పెరిగింది. మొత్తం పదమూడు. ఆ లెక్క మొదట చెప్పింది ఎవరో ఒక్కరికీ గుర్తు లేకపోవడం వదినకు ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది.