మూడో వరుసలో మెయింటెనెన్స్

నాకు నోరు ఎక్కువని పుట్టింట్లోనూ అనేవాళ్లు, అత్తింట్లోనూ అన్నారు. అది నిజమే. అందుకే నోటితో చెడగొట్టుకున్న పనులను కాగితం మీద రాసి బాగుచేసుకోవడం అలవాటు చేసుకున్నాను. పదో తరగతి చదివినదాన్ని, చేతిరాత గుండ్రంగా ఉండేది. ఊళ్లో సగం మంది ఉత్తరాలు నేనే రాసిపెట్టాను. మర్యాదగా నాలుగు ముక్కలు రాస్తే ఎంత కఠినుడైనా కరుగుతాడని గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకం పటాన్‌చెరులో ఒక రేకుల గదిలో పోయింది.

తొంభైల మొదట్లో మాట. మా ఆయన బొల్లారంలో ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. పొడి ఆరబెట్టే చోట పని. ఇంటికొచ్చి ఎంత కడుక్కున్నా ఒంటిమీద ఒక చేదు వాసన మిగిలేది. మేమున్నది పెద్ద రోడ్డుకు కొంచెం లోపల, వరుసగా కట్టిన ఆరు గదుల్లో చివరిది. ముందువైపు ఇంట్లో ఇంటాయన ఉండేవాడు. ఆ చుట్టుపక్కల పొలమంతా ఒకప్పుడు వాళ్లదే. ఫ్యాక్టరీల కోసం అది పోయాక వచ్చిన డబ్బుతో ఈ గదులు కట్టించాడు. అందరం పటేలా అని పిలిచేవాళ్లం. అరవై దాటిన మనిషి, మాట తక్కువ.

నెల నెలా ఒకటో తారీకున ఆయన భార్య గది గదికీ ఒక చీటీ ఇచ్చి వెళ్లేది. అందులో రెండే వరుసలు ఉండేవి. కిరాయి నాలుగు వందల యాభై, దాని కింద మా గది మీటర్ చూసి వేసిన కరెంటు. నేను చెప్పే నెలలో మాత్రం మూడో వరుస ఉంది. మెయింటెనెన్స్, నూట యాభై.

ఆ నూట యాభై ఇప్పుడు ఎవరికైనా నవ్వులాటగా ఉంటుంది. మాకు అప్పుడు అది నెల బియ్యం ఖర్చు. మా ఆయన కంపెనీలో రెండు నెలలుగా లేఆఫ్, పని లేదని ఇంట్లో కూర్చోబెట్టారు. వస్తున్నది సగం జీతం. నాకు ఎనిమిదో నెల. ముందు నెల కిరాయే పది రోజులు ఆలస్యంగా కట్టాం. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఇదొకటి.

"పొయ్యి అడుగు. ఎందుకేసిండ్రో తెలుసుకో," అన్నాను మా ఆయనతో.

"ఏ మొఖం పెట్టుకొని అడగాలె? పోయిన నెల కిరాయి లేటు చేసినోణ్ణి," అన్నాడు గోడవైపు తిరిగి.

నేను వెళ్లి అడగొచ్చు. కానీ నా నోరు నాకు తెలుసు. రెండు మాటలు మర్యాదగా మొదలుపెట్టి మూడో మాటకు బోరు నీళ్ల దగ్గరికి వెళ్తాను. ఆరు నెలలుగా బోరు నీళ్లు పచ్చగా వస్తున్నాయి, బట్టలకు మరకలు, ఒళ్లంతా దురద. తాగడానికి పంచాయతీ నల్లా నుంచి మోసుకొస్తున్నాం. వానొస్తే రేకులు కారుతున్నాయి. ఏం చూసి మెయింటెనెన్స్ అంటున్నావని కడిగేస్తాను. ఆయన పొమ్మంటే ఎక్కడికి పోతాం? అందుకే కాగితం తీశాను.

ఆ ఉత్తరం ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. "పెద్దలు పటేల్ గారికి నమస్కరించి వ్రాయునది. మీ నీడలో మేము క్షేమముగా ఉన్నాము. ఈ నెల చీటీలో మెయింటెనెన్స్ అని నూట యాభై రూపాయలు కనిపించినవి. మా వల్ల జరగని దానికి మేము ఎందుకు కట్టవలసి వచ్చినదో దయతో తెలుపగలరు. మీ మాటను కాదనుట మా ఉద్దేశ్యము కాదు. తప్పులున్న మన్నించగలరు." మూడుసార్లు రాసి, మూడోది ఉంచాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నా ఒక్కదాని పేరుంటే ఎదురు తిరిగినట్టుంటుంది, అందరి పేర్లూ ఉంటే మర్యాదగా ఉంటుంది అనుకున్నాను. మిగతా ఐదు గదుల్లో ఒడిశా, బీహార్ మనుషులు. వాళ్లకూ అదే మూడో వరుస వచ్చింది. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో సంగతి చెప్పి, పెన్ను విప్పి, బొటనవేళ్లకు సిరా పూసి వరుసగా ఐదు ముద్రలు వేయించాను. పైన నా సంతకం పెట్టాను. కాగితం చూసుకుని నాలో నేనే మురిసిపోయాను, సిగ్గులేకుండా. మడతపెట్టి పటేల్ భార్య చేతికిచ్చి వచ్చాను.

రెండు రోజులు జవాబు లేదు. ఎదురుపడితే పలకరించే మనిషి ముఖం తిప్పుకుని వెళ్లాడు. మూడో రోజు పొద్దున మా గడప ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో నా కాగితం ఉంది.

"నెలాఖరుకు గది ఖాళీ చెయ్యుండ్రి," అన్నాడు.

"పటేలా, నేను తప్పేం రాసిన?"

"రాసుడే తప్పు. నోరు లేదా నీకు? నాకు కాయితాలు పంపుతవా?" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి మా ఆయన గది కోసం తిరగడం మొదలుపెట్టాడు. ఇస్నాపూర్, రుద్రారం, బొల్లారం తిరిగాడు. ఖాళీ గదులు లేక కాదు. ఎక్కడైనా మొదట సరే అనేవాళ్లు. ఇంట్లో ఎంతమంది అని అడిగితే భార్యకు ఎనిమిదో నెల అని చెప్పకుండా దాచలేకపోయేవాడు. ఒకచోట నేనూ వెళ్లాను. ఆ ఇంటావిడ నా పొట్ట చూసి, "నిండు మనిషి ఇల్లు మారొద్దమ్మా, నీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు. పురుడు మా ఇంట్ల వద్దు," అంది. ఆమె మాట కటువుగా కూడా లేదు. మంచినీళ్లిచ్చి పంపింది. రోడ్డు మీదికొచ్చి కంపెనీ బస్సులు పోతుంటే ఆ పొగలో నిలబడి ఏడ్చాను. లోపల బిడ్డ తన్నుతోంది. నిన్ను ఎక్కడ కనాలే తల్లీ అనుకున్నాను.

పుట్టింటికి పోదామంటే మా అమ్మ లేదు, వదిన రమ్మనలేదు. నూట యాభై కట్టేస్తానని పటేల్ భార్యతో చెప్పించాను. గాజులు అమ్మైనా కడతానన్నాను. "పైసల ముచ్చట కాదు బిడ్డా, ఆయన నిద్రపోతలేడు," అని ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు అర్థం కాలేదు. నిద్రపోనిది నేను కదా అనుకుని మండిపోయాను.

నెలాఖరుకు ఐదు రోజులున్నాయనగా సందు చివర కిరాణా దుకాణం మళ్లీ తెరిచారు. దుకాణం చాచా మూడు వారాలుగా బిడ్డ పెళ్లికని జహీరాబాద్ వెళ్లి ఉన్నాడు. ఉద్దెరకు బియ్యం అడగడానికి వెళ్లాను. ఆయన ఖాతా పుస్తకం తీసి నా పేరు కింద కిలోలు రాస్తుంటే చూశాను. గుడి పొడుగ్గా సాగదీసిన "కి". నెల నెలా మా చీటీలో కిరాయి అని ఉండే అదే "కి".

"చాచా, పటేల్ చీటీలు నువ్వు రాస్తవా?"

"నేనే రాస్త. పటేల్‌కు చదువు లేదు గదా. ఒచ్చిన కాయితం గూడ నేనే చదువుత. ఈ నెలవి పోయే ముందల్నే రాసిచ్చిపోయిన."

చీటీలు పంపే మనిషికి చదవడం రాదని నేను ఎలా అనుకుంటాను! అంటే నా ఉత్తరాన్ని ఎవరూ చదవలేదు. మూడుసార్లు తిరగరాసిన నా నమస్కారాలూ మన్నింపులూ ఆయనకు చేరనే లేదు. చేరింది ఐదు వేలిముద్రలు. వచ్చి ఆ ఉత్తరం పటేల్‌కు చదివి వినిపించమని చాచాకు చేతులు జోడించాను. ఆయన గల్లా పెట్టెకు తాళం వేసి నాతో వచ్చాడు.

పటేల్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కాగితం దిండు కింది నుంచి తీశాడు. చాచా నిలబడే చదివాడు, ఒక్కో మాట ఆగి ఆగి. పటేల్ చివరిదాకా విని, "ఇంకేం లేదా?" అన్నాడు.

"ఇంతే పటేలా. దండం పెట్టి అడిగింది బిడ్డ."

ఆయన లోపలికి వెళ్లి రేకు పెట్టె లోంచి పసుపెక్కిన ఒక కాగితం తెచ్చాడు. పైన ఏవో ముద్రలు, కింద వరుసగా వేలిముద్రలు.

"గిది చూడు. మా నాయినది, మా చిన్నాయినది, నాది. గిట్లనే పైన రాత, కింద ముద్రలు. ఏం రాసిండ్రో ఎవలు చెప్పలే. ముద్రలేసినం, పొలం పోయింది. నువ్వు ఆరుగురిని కూడేసి పంపితివి, గీ గదులు గూడ పోతయనుకున్న."

నా కాగితం తీసుకుని ఆ పసుపు కాగితం పక్కన పెట్టి చూశాను.

"మరి ఆ నూట యాభై ఏంది పటేలా?" అని చివరికి అడిగాను.

"చీటీల రాసి లేదా?" అని చాచావైపు చూశాడు. "నీళ్ల ట్యాంకర్‌ది. ఆ బోరు నీళ్లకు మోటరు రెండుసార్లు కాలింది. వచ్చే ఒకటో తారీకు నుంచి ట్యాంకర్ మాట్లాడిన, ముందుగాల బయానా పైసలు గూడ ఇచ్చిన. చీటీల చెప్పమన్న."

చాచా తల గోక్కున్నాడు. "షహర్ల ఫ్లాట్లల్ల గట్లనే రాస్తరు పటేలా. జెర బాగుంటదని మెయింటెనెన్స్ అని రాసిన," అన్నాడు. నాకు నవ్వాలో ఆయన్ని తిట్టాలో తెలియలేదు. మూడు వారాల నా ఏడుపు ఆ ఒక్క ముక్కలో ఉంది.

పటేల్ నా కాగితం మళ్లీ తీసుకున్నాడు. "గా మాట ఇంకోసారి చదువు," అన్నాడు. చాచా చదివాడు. మా వల్ల జరగని దానికి మేము ఎందుకు కట్టవలసి వచ్చినదో దయతో తెలుపగలరు.

"బిడ్డా, గదే మాట ఆ కంపెనోళ్లకు రాయి. నా బోరు ఎవలు చెడగొట్టిండ్రో అడుగు. ముద్రలు గూడ వేయించు, నాది ముందు. మీరు ఏడికి పోవద్దు. పురుడైనంక నూట యాభై సంగతి చూద్దాం."

మా గదుల వెనక కాలువలో పచ్చ నీళ్లు వచ్చేది మా ఆయన కంపెనీ వైపు నుంచే. ఆయన ఒంటి మీద ఉండే చేదు వాసనే ఆ నీళ్లది. ఆ సంగతి పటేల్‌కు తెలుసో లేదో నేను అడగలేదు. అదే సాయంత్రం మా ఆయన పరుగున వచ్చాడు. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నారట, పూర్తి జీతమట. నేను పటేల్ చెప్పింది చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది.

"రాయి. గది నిలబడాలె గదా. నా పేరు మాత్రం రాయకు," అన్నాడు.

రాశాను. పెద్దలు అన్నాను, దయతో అన్నాను. మొదటి ముద్ర పటేల్‌ది, తర్వాత ఐదు ముద్రలు, చివర నా ఒక్కదాని సంతకం. పటేల్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. మా ఆయన సంతకం లేదని చాచా చెప్పే ఉంటాడు. "నీదుంది గదా, చాలు," అన్నాడు. కంపెనీ నుంచి జవాబు ఎన్నడూ రాలేదు.

నెల తర్వాత సంగారెడ్డి దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు ఇంటికొచ్చాం. బిడ్డకు నీళ్లు పోయాలని పక్క సందు ముసలమ్మ వచ్చి కూర్చుంది. మా వంతు ట్యాంకర్ నీళ్లు అప్పటికే అయిపోయాయి. పటేల్ తన ఇంట్లోంచి రెండు బిందెలు స్వయంగా మోసుకొచ్చి గడప దగ్గర దించాడు. "వీటికి చీటీ లేదు," అని వెళ్లిపోయాడు.

అప్పుడే మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. బిడ్డను ఇంకా సరిగ్గా ఎత్తుకోలేదు. చేతులు కడుక్కుని ఎత్తుకోమన్నాను. ఆ రెండు బిందెల వైపు చూశాడు, వంగబోయి ఆగాడు. వెనక్కి తిరిగి బోరు దగ్గరికి వెళ్లి, ఆ పచ్చ నీళ్లతోనే మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, బిడ్డ కోసం చేతులు చాచాడు. చేతులకు అదే వాసన. ఇచ్చాను.